పోలింగ్ రోజు రెండు గంటల పర్మిషన్: ఏ టైం రాసి, ఎలా అడగాలి

2024 మే మొదటి వారంలో మా తమ్ముడు ఫోన్ చేశాడు. పంజాగుట్ట వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. ఓటేమో అల్వాల్‌లో ఉంది. "అన్నా, పదమూడో తారీకు పర్మిషన్ అడిగితే మా ఇన్‌ఛార్జి ఏమన్నాడో తెలుసా? 'ఏడింటికే బూత్ తెరుస్తారు కదయ్యా, ఓటేసి ఎనిమిదింటికి డ్యూటీకి రా' అన్నాడు."

ఆ ఇన్‌ఛార్జి చెడ్డవాడేం కాదు. నేనూ వేరే చోట చాలా ఏళ్లుగా డ్యూటీ రోస్టర్లు వేస్తున్నవాడినే, ఆ మాట నేనూ అని ఉంటాను. "ఓటేయాలి సార్, కొంచెం టైం కావాలి" అని అడిగితే అలాంటి జవాబే వస్తుంది. బూత్ ఎన్నింటికి తెరుస్తారో, ఎన్నింటికి మూస్తారో, మన షిఫ్టు ఎప్పటి నుంచి ఎప్పటి వరకో, మధ్యలో ప్రయాణం ఎంతో ఒక్క కాగితం మీద పెట్టి అడిగితే జవాబు వేరుగా ఉంటుంది. ఆ కాగితం తయారు చేసుకోవడం ఎలాగో మా తమ్ముడి లెక్కతోనే చెప్తాను.

ముందు తేల్చుకోవాల్సింది: మీది సెలవా, పర్మిషనా

ప్రజా ప్రాతినిధ్య చట్టం 1951లో 135బి అని ఒక సెక్షన్ ఉంది. 1996 సవరణతో చేర్చారు. లోక్‌సభకో అసెంబ్లీకో ఎన్నిక జరిగేటప్పుడు, ఏ వ్యాపారంలో, ఏ సంస్థలో పనిచేసేవారైనా సరే, ఓటు హక్కు ఉంటే పోలింగ్ రోజున సెలవు ఇవ్వాలి, జీతం కోయకూడదు. రోజు కూలీలకూ అంతే. మామూలుగా పనికి రాని రోజుకు డబ్బు ఇవ్వని చోట కూడా ఆ ఒక్క రోజుకు ఇవ్వాలి. అంటే చట్టం చెప్పేది కొన్ని గంటల గురించి కాదు, పూర్తి రోజు గురించి.

మరి పర్మిషన్ అడగడం ఎందుకు? అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఉద్యోగి రాకపోతే ఆ పనికి ప్రమాదమో, గణనీయమైన నష్టమో కలిగే పరిస్థితి ఉంటే ఈ సెక్షన్ వర్తించదు. ఐసీయూ నర్సు, బాయిలర్ ఆపరేటర్ వంటివాళ్లను ఈ మినహాయింపు కిందకు తెస్తారు. వీళ్లకు పూర్తి సెలవు అడిగే ఆధారం బలహీనం. కాబట్టి అడగాల్సింది గంటలే, అదీ మర్యాదగా, లెక్కతో. బట్టల షాపులో సేల్స్‌మన్‌దీ, కాల్ సెంటర్ ఉద్యోగిదీ ఆ పరిస్థితి కాదు. "ఆ రోజు గిరాకీ ఎక్కువ" అన్నది ప్రమాదం కిందకు రాదని నా అభిప్రాయం. వాళ్లు ముందు సెలవే అడగాలి. యజమాని ఒప్పుకోక బేరానికి దిగితే అప్పుడు గంటల దగ్గరకు రావచ్చు. మొదటే రెండు గంటలు అడిగితే మిగతా రోజు వదులుకున్నట్టే.

మా తమ్ముడిది మొదటి రకం. శాంపిల్స్ పడి ఉంటే వార్డులో రోగికి మందు మార్చడం ఆగిపోతుంది. అందుకే వాడు సెలవు జోలికి పోలేదు.

పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలకు 135బి వర్తించదు. వాటిని నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. సెలవు ఉందా లేదా అన్నది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వు చూసి తెలుసుకోవాలి. టైములు కూడా పూర్తిగా వేరు. తెలంగాణలో పంచాయతీ పోలింగ్ పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 1 వరకే. "సాయంత్రం డ్యూటీ దిగాక వేస్తాలే" అనుకునేవాళ్లు అక్కడే దెబ్బతింటారు.

పోలింగ్ టైం: పోయినసారిది గుర్తుపెట్టుకుని రాయొద్దు

లెటర్లో తప్పు పడేది ఎక్కువగా ఇక్కడే. పోలింగ్ ఎప్పుడూ 7 నుంచి 6 వరకే అని చాలామంది అనుకుంటారు. 2023 నవంబర్ 30న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలకు చాలా నియోజకవర్గాల్లో 7 నుంచి 5 వరకే జరిగింది. భద్రాచలం, ములుగు, కొత్తగూడెం లాంటి 13 నియోజకవర్గాల్లో 4 గంటలకే ముగిసింది. ఆరు నెలలు కూడా తిరగకుండానే వచ్చిన లోక్‌సభ ఎన్నికలకు ఎండల దృష్ట్యా సాయంత్రం గంట పొడిగించారు, 6 దాకా అయింది. అదే 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ చోట్ల 6 దాకా ఉంటే, అరకు, పాడేరు, రంపచోడవరంలో 4 గంటలకే మూశారు.

చట్ట ప్రకారం పోలింగ్ 8 గంటలకు తగ్గకూడదు. ఆ పైన ఎంత అన్నది ఎన్నికల సంఘం నియోజకవర్గాన్ని బట్టి పెడుతుంది, మధ్యలో మారుస్తుంది కూడా. అందుకని మీ నియోజకవర్గం పేరుతో టైం చూడండి, రాష్ట్రం పేరుతో కాదు. లెటర్ రాసేటప్పుడు ఒకసారి, పోలింగ్‌కు రెండు రోజుల ముందు ఇంకోసారి చూడండి. 1950కి ఫోన్ చేసినా చెప్తారు, మీ బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్వో, చెప్పినా సరే. తప్పు టైం రాసి ఇస్తే మేనేజర్ చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు.

అదే చేత్తో electoralsearch.eci.gov.in లో మీ పేరు, పోలింగ్ కేంద్రం, భాగం సంఖ్య, వరుస సంఖ్య చూసుకోండి. బూత్ మారి ఉంటే ప్రయాణం లెక్క మొత్తం తారుమారవుతుంది. అసలు పేరే లేకపోతే పర్మిషన్ గొడవే లేదు.

గంటల లెక్క

మా తమ్ముడి షిఫ్టు పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. అల్వాల్ నుంచి పంజాగుట్టకు బండి మీద దాదాపు 50 నిమిషాలు. 8 గంటలకు డ్యూటీలో ఉండాలంటే 7:10కి బయలుదేరాలి. బూత్ తెరిచేది 7కి. అంటే వాడికి దొరికేది పది నిమిషాలు. రాత్రి 8కి దిగేసరికి బూత్ మూసి రెండు గంటలవుతుంది. ఇన్‌ఛార్జి చెప్పిన "ఓటేసి ఎనిమిదింటికి రా"లో లోపం ఎక్కడుందో ఈ రెండు ముక్కలే చెప్తాయి, మనం వాదించక్కర్లేదు.

ఇక లైన్లో ఎంతసేపు? దీనికి మనిషికి ఒక నిమిషం అని వేసుకోండి, పెద్దగా తప్పదు. 2024లో ఒక బూత్‌కు ఓటర్లు 1,500కు మించకూడదని పరిమితి ఉండేది, తర్వాత దాన్ని 1,200కు తగ్గించారు. 1,200 మందిలో 700 మంది వచ్చారనుకున్నా, 7 నుంచి 6 దాకా 660 నిమిషాలు. దాదాపు నిమిషానికో మనిషి. మీ ముందు 50 మంది ఉంటే 50 నిమిషాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో లాగా అసెంబ్లీ, లోక్‌సభ రెండూ ఒకేసారి ఉంటే రెండు మిషన్ల దగ్గర రెండుసార్లు నొక్కాలి, ఇంకా నెమ్మదిస్తుంది. ఆ రోజు అక్కడ కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటాక కూడా ఓట్లు పడ్డాయి.

అలా అర్ధరాత్రి దాకా ఎలా వేయనిస్తారంటే, మూసే టైంకు లైన్లో ఉన్నవాళ్లందరికీ ఓటు వేసే హక్కు ఉంటుంది. ప్రిసైడింగ్ అధికారి నంబర్లు వేసిన చీటీలు పంచుతారు. మామూలుగా లైన్ చివరి మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు ఇస్తూ వస్తారు, తర్వాత వచ్చినవాళ్లు వెనక చేరకుండా. సాయంత్రం పర్మిషన్ అడిగేవాళ్లకు ఇది పనికొచ్చే విషయం. మీరు 6 లోపు ఓటు వేసేయక్కర్లేదు, 6 లోపు లైన్లో ఉంటే చాలు. కానీ అప్పుడు ఎప్పుడు బయటపడతారో చెప్పలేరు. మళ్లీ డ్యూటీకి తిరిగి వెళ్లాల్సినవాళ్లు సాయంత్రం పెట్టుకోకపోవడం మేలు.

వాడూ నేనూ కూర్చుని రెండు దారులు వేశాం. ఒకటి, పొద్దున 6:45కే లైన్లో నిలబడి, 8 ప్రాంతంలో ఓటేసి, నేరుగా డ్యూటీకి: ల్యాబ్‌కు పోయేది గంటన్నర, 8 నుంచి 9:30. రెండోది మధ్యాహ్నం 12:30కి బయటపడి 3:30కి తిరిగి రావడం: పోయేది మూడు గంటలు, ఎందుకంటే దారి రెండుసార్లు పడుతుంది. చూస్తే మొదటిదే చవక. కానీ ల్యాబ్‌లో పొద్దున 7 నుంచి 10 దాకా పరగడుపు శాంపిల్స్ వరదలా వస్తాయి, మధ్యాహ్నం ఈగలు తోలుకోవచ్చు. ఇన్‌ఛార్జికి రద్దీలో గంటన్నర ఎక్కువా, ఖాళీలో మూడు గంటలు ఎక్కువా అన్నది ఆయనే తేల్చాలి. అందుకే రెండూ రాశాం.

అడిగేటప్పుడు రెండు టైములు ఇవ్వడంలో ఒక కిటుకు ఉంది. ఒక్కటే ఇస్తే ఎదుటివాడు ఆలోచించేది ఇవ్వాలా వద్దా అని. రెండు ఇస్తే ఏది ఇవ్వాలా అని. రోస్టర్ వేసేవాడిగా చెప్తున్నా, నా మీద ఎన్నిసార్లు పనిచేసిందో.

మీ స్థానంలో ఎవరు

పర్మిషన్ ఆగిపోయేది చాలాసార్లు చట్టం దగ్గర కాదు, "నువ్వెళ్తే ఎవరు చూస్తారు" దగ్గర. ఆ ప్రశ్నకు జవాబు మీరే పట్టుకెళ్లండి. మా తమ్ముడి ముందు నైట్ డ్యూటీ చేసే కుర్రాడు పొద్దున 8కి దిగుతాడు. వాడి ఓటు ఆసుపత్రికి దగ్గరలోనే, సాయంత్రం 6 దాకా ఎప్పుడైనా వేసుకోవచ్చు. వాడు 9:30 దాకా ఉంటానన్నాడు, బదులుగా ఇంకో రోజు మా తమ్ముడు గంటన్నర ముందు వస్తానన్నాడు. సర్దుబాటు ఒప్పుకున్నవాడికీ ఓటు ఉందని మర్చిపోకండి. వాడి టైం కూడా లెక్కలో చూసుకోవాలి, లేకపోతే మన ఓటు కోసం వాడి ఓటు పోతుంది.

లెటర్

పోలింగ్‌కు వారం ముందు ఇవ్వండి, రోస్టర్ వేయకముందే. ఎన్నికల ముందురోజు అడిగితే ఎంత మంచి మేనేజరైనా చేతులెత్తేస్తాడు. నోటితో ఒకసారి చెప్పి, ఆ వెంటనే మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాతపూర్వకంగా పెట్టండి. మా తమ్ముడు పంపింది ఇది:

> సార్, నమస్తే.
>
> మే 13 సోమవారం లోక్‌సభ పోలింగ్. నా ఓటు అల్వాల్‌లో, మల్కాజిగిరి నియోజకవర్గం. పోలింగ్ టైం పొద్దున 7 నుంచి సాయంత్రం 6 వరకు. ఆ రోజు నా డ్యూటీ 8 నుంచి రాత్రి 8. ఇంటి నుంచి ఆసుపత్రికి 50 నిమిషాలు కాబట్టి డ్యూటీకి ముందు గానీ తర్వాత గానీ ఓటు వేయడం కుదరదు.
>
> కింది రెండింట్లో మీకు ఏది వీలైతే అది ఇవ్వండి:
> 1. పొద్దున 8 నుంచి 9:30 వరకు పర్మిషన్. నైట్ డ్యూటీ టెక్నీషియన్ అప్పటివరకు ఉండటానికి ఒప్పుకున్నారు.
> 2. మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు పర్మిషన్.
>
> ఇది పోలింగ్ కోసం కాబట్టి సీఎల్‌లో గానీ జీతంలో గానీ కోత పడకుండా చూడగలరు. మీ జవాబును బట్టి రోస్టర్ మార్పు రాసిస్తాను.

చివరి ముక్క చూశారా? "సీఎల్" మాట మీరు ఎత్తకపోతే కొన్ని చోట్ల నెల చివర జీతం స్లిప్పులో అర రోజు కోత కనిపిస్తుంది. అప్పుడు అడిగితే "మీరు లీవ్ అనే కదా అడిగారు" అంటారు. అందుకే లెటర్లో "లీవ్" అన్న మాటే వాడొద్దు. "పోలింగ్ కోసం పర్మిషన్" అని రాయండి.

లెటర్లో 135బి గురించి ఎందుకు రాయలేదని వాడడిగాడు. వాడిది మినహాయింపు కిందకు వచ్చే ఉద్యోగం, సెక్షన్ ఎత్తితే మొదట బయటికి వచ్చేది ఆ మినహాయింపే. మీరు షాపులోనో ఆఫీసులోనో పనిచేస్తుంటే మాత్రం ఒక్క వాక్యం రాయండి: "ప్రజా ప్రాతినిధ్య చట్టం 135బి ప్రకారం పోలింగ్ రోజు జీతంతో సెలవు ఉందని మీకు తెలిసే ఉంటుంది." అంతకు మించి వద్దు.

చిన్న షాపు యజమానికైతే ఇంత లెటర్ అక్కర్లేదు. "అన్నా, సోమవారం ఓటుంది. బూత్ ఆరింటికి మూస్తారు. నేను పదకొండుకు వస్తా, షట్టర్ తీయడానికి పొద్దున తమ్ముణ్ణి పెట్టండి" అని రెండు ముక్కల వాట్సాప్ చాలు. కానీ అందులోనూ మూసే టైం, మీరు వచ్చే టైం రెండూ ఉండాలి.

ఊళ్లో ఓటు ఉన్నవాళ్లు

గంటల లెక్క వీళ్లకు పనికిరాదు. బెంగళూరులో ఉద్యోగం, ఓటు కడపలో అనుకోండి. 2024లో కర్ణాటకలో పోలింగ్ ఏప్రిల్ 26, మే 7న అయిపోయింది, ఆంధ్రలో మే 13. కాబట్టి ఆ రోజు బెంగళూరు ఆఫీసుకు సెలవు లేదు. అయినా నియోజకవర్గం బయట పనిచేస్తున్నవాళ్లకు కూడా తమ ఓటున్న చోట పోలింగ్ జరిగే రోజు జీతంతో సెలవు ఉంటుందని ఎన్నికల సంఘం చెప్తూనే ఉంది. హెచ్ఆర్‌కు ఇది తెలియకపోవచ్చు. నియోజకవర్గం పేరు, పోలింగ్ తేదీ, ఓటరు జాబితాలో మీ పేరున్న పేజీ జతచేసి పూర్తి రోజు అడగండి. ముందురోజు రాత్రి ప్రయాణానికి తొందరగా బయలుదేరాలంటే అది మాత్రం మీ సొంత లీవే.

వద్దంటే

మొదట కారణం రాతలో అడగండి, మెత్తగానే: "సార్, కుదరదంటే ఆ మాటే మెయిల్‌లో పెట్టండి, నేను ఇంట్లో చూపించుకుంటాను." ఓటుకు పంపనని రాసివ్వడానికి ఎవరూ ముందుకు రారు. సగం గొడవ ఇక్కడే తీరుతుంది.

చట్టంలో యజమానికి జరిమానా 500 రూపాయల వరకే. దానితో బెదిరిస్తే నవ్వుతారు. దానికంటే ఎన్నికల ముందు కార్మిక శాఖ ఇచ్చే సెలవు ఉత్తర్వు ప్రింటు బల్ల మీద పెట్టడం బాగా పనిచేస్తుంది. దాని మీద ఉన్న తేదీ, సంతకం చూసి హెచ్ఆర్ వాళ్లు తగ్గుతారు. అప్పటికీ కదలకపోతే 1950కి గానీ, జిల్లా ఎన్నికల అధికారికి గానీ, లేబర్ ఆఫీసుకు గానీ ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా ఎన్నికల అధికారి అంటే మామూలుగా కలెక్టరే, హైదరాబాద్ జిల్లాలో మాత్రం జీహెచ్ఎంసీ కమిషనర్. ఫిర్యాదు పోలింగ్ ముందే చేయాలి, అయ్యాక చేస్తే ఓటు తిరిగి రాదు.

వైద్యం, విద్యుత్తు లాంటి అత్యవసర సేవల్లో ఎన్నికల సంఘం నోటిఫై చేసిన విభాగాలవాళ్లకు పోస్టల్ బ్యాలెట్ దారి కూడా ఉంది. ఫారం 12డి ఇవ్వాలి. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపే ఇవ్వాలి కాబట్టి ఈ లెటర్ రాసే టైంకు ఆ గడువు దాటిపోయి ఉంటుంది. వచ్చే ఎన్నికకు గుర్తుంచుకోండి.

ఆ రోజు

ఓటరు స్లిప్ ఒక్కటే తీసుకెళ్లి వెనక్కొచ్చి మళ్లీ వెళ్లినవాళ్లను చూశాను. 2019 నుంచి స్లిప్ గుర్తింపు కార్డు కాదు. ఓటరు కార్డు గానీ, ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్, పాన్ లాంటి అనుమతి ఉన్నదేదైనా గానీ అసలుది జేబులో ఉండాలి. ఈ ఒక్క పొరపాటుతో మీ గంటన్నర పర్మిషన్ మూడు గంటలవుతుంది.

మా తమ్ముడు 6:40కే వెళ్లాడు. ముందు ఇరవై రెండు మంది. లెక్క ప్రకారం ఏడున్నర లోపే బయటపడాలి. కానీ లోపల మాక్ పోల్‌లో, అంటే ముందుగా మిషన్‌ను పరీక్షించి చూసే దాంట్లో, అది మొరాయించి, పోలింగ్ మొదలయ్యేసరికి 7:40. ఆ తర్వాత కూడా మధ్యలో ఒకసారి ఆగింది. మాక్ పోల్ పోలింగ్‌కు గంటన్నర ముందే మొదలవుతుంది గానీ, మిషన్ మార్చాల్సి వస్తే ఆ గంటన్నర చాలదు. వాడి ఫోన్ లోపలికి రానివ్వరని గేటు బయట బండి దగ్గర నాన్నకు ఇచ్చి నిలబడ్డాడు. నాన్న ఎనిమిదింటికి అటూ ఇటూ చూసి, కొడుకు ఇంకా రాలేదని ఆ ఫోన్లోనే నైట్ డ్యూటీ కుర్రాడికి ఫోన్ చేసి, "బాబూ, మిషన్ చెడిందంట, మావాడు పది అవుతుందేమో, కాస్త చూసుకో" అన్నాడు. మా తమ్ముడు ల్యాబ్‌లో అడుగుపెట్టింది 9:55కి. ఇన్‌ఛార్జి వేలి మీద సిరా చూసి, "పరగడుపు శాంపిల్స్ అన్నీ అయిపోయాయి, నువ్వు బిల్లింగ్ చూడు" అన్నాడంతే.

తర్వాత వాడు లెటర్ కాపీలో 9:30 కొట్టేసి 10 అని రాసి పెట్టుకున్నాడు, వచ్చేసారికి.